పదోన్నతి, బయటి నియామకం: మేళ్లచెరువు సిమెంటు ప్రాంతంలో ఖాళీ అయిన పై కుర్చీ

ఒక సంస్థలో పై పోస్టు ఖాళీ అయితే యాజమాన్యం ముందు రెండు దారులుంటాయి. కింద పనిచేస్తున్నవారిలో ఒకరికి పదోన్నతి ఇవ్వవచ్చు, లేదా బయటి నుంచి మనిషిని తెచ్చుకోవచ్చు. రెండో దారి ఎంచుకున్నప్పుడు ఇంకో పని కూడా మీద పడుతుంది. ఆ కుర్చీ తనదే అనుకుని ఉన్న లోపలి ఉద్యోగిని కూర్చోబెట్టి, నీకు రాలేదని చెప్పాలి. ఎంపిక ముగిశాక చేసే చిన్న మర్యాదగా దీన్ని చాలామంది చూస్తారు. నిజానికి ఆ సంభాషణ బాగా సాగుతుందా లేదా అన్నది ఎంపిక మొదలైన రోజే సగం తేలిపోతుంది. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాల పరిస్థితిని ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ సంగతిని వివరిస్తుంది.

ప్రాంతం, పోస్టులు

కృష్ణా నదికి ఉత్తరపు ఒడ్డున, హుజూర్‌నగర్, కోదాడలకు దక్షిణంగా ఉన్న ఈ నేల కింద సున్నపురాయి పరచుకుని ఉంది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా ఇది నల్లగొండ జిల్లాలో భాగం. బయటివాళ్లకు మేళ్లచెరువు అంటే శంభులింగేశ్వరస్వామి గుడి, శివరాత్రి జాతర, ఎడ్ల పందేలు గుర్తొస్తాయి. ఇక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది కర్మాగారాల పొగగొట్టాలు. మేళ్లచెరువులో మై హోం, పక్కన మట్టంపల్లిలో ఎన్‌సీఎల్, సాగర్, చింతలపాలెంలో అంజని. బస్సులో ఓ గంట తిరిగితే నాలుగైదు కంపెనీల గేట్లు కనిపిస్తాయి. ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు ఈ దగ్గరతనాన్ని మరిచిపోకూడదు. దానికి మళ్లీ వస్తాను.

సిమెంటు కర్మాగారంలో నిచ్చెన సన్నగా ఉంటుంది. సీసీఆర్‌లో, అంటే సెంట్రల్ కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చుని కిల్న్ నడిపే ఆపరేటర్లు ఉంటారు. వాళ్ల మీద షిఫ్ట్ ఇన్‌చార్జి, ఆ పైన సెక్షన్ హెడ్, ఆ పైన ప్రొడక్షన్‌కో మెకానికల్‌కో ఒక్కొక్క హెచ్‌ఓడీ, అందరి మీద యూనిట్ హెడ్. ఒక కర్మాగారంలో ప్రొడక్షన్ హెచ్‌ఓడీ ఒక్కరే. ఆయన రిటైరయ్యేదాకా కింది వాళ్లకు ఆ మెట్టు ఖాళీ కాదు. పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి వచ్చే ఖాళీ కాబట్టి, దాన్ని పోగొట్టుకున్న మనిషికి "మళ్లీ చూద్దాం" అన్న మాట ఓదార్పు కాదు. వయసు లెక్కేసుకుంటే ఆ "మళ్లీ" తన రిటైర్మెంటు తర్వాత పడుతుందని ఆయనకు తెలుసు.

తెలిసిన లోపం, తెలియని లోపం

ఎంపికలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే చోట పుడుతుంది. లోపలి మనిషి లోపాలు మనకు తెలుసు. బయటి మనిషివి తెలియవు. ఎప్పుడో 2014లో రింగ్ పడ్డప్పుడు కిల్న్ ఆపడానికి షిఫ్ట్ ఇన్‌చార్జి రెండు గంటలు తటపటాయించాడన్నది అందరికీ గుర్తుంది. బయటి నుంచి వచ్చిన అభ్యర్థి తన కర్మాగారంలో ఎన్నిసార్లు తటపటాయించాడో అతని బయోడేటాలో ఉండదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఈ లెక్క గురించే.

ఈ లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. వార్టన్ స్కూలులో మాథ్యూ బిడ్‌వెల్ ఒక పెట్టుబడి బ్యాంకు రికార్డులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. ఒకే పోస్టులోకి బయటి నుంచి వచ్చినవారు, లోపలి నుంచి ఎదిగినవారికన్నా సుమారు 18 శాతం ఎక్కువ జీతం తీసుకున్నారు. మొదటి రెండేళ్లలో పనితీరు మదింపులో వెనకబడ్డారు. ఉద్యోగం మానుకోవడం గానీ, తీసివేతకు గురికావడం గానీ వాళ్లలోనే ఎక్కువ. బ్యాంకు లెక్క కిల్న్‌కు అచ్చంగా అతకదు. కానీ కారణం ఇక్కడికీ వర్తిస్తుంది. పనితనంలో కొంత మనిషితో వస్తుంది, కొంత పరిసరాలతో అల్లుకుని ఉంటుంది. ఈ గనిలో ఏ బెంచి రాయిలో సిలికా ఎక్కువో, ఏ సైక్లోన్ ఏ నెలలో జామ్ అవుతుందో, రాత్రి రెండింటికి ఏ ఫిట్టరును పిలిస్తే వస్తాడో కొత్తగా వచ్చినవాడికి తెలియడానికి ఏడాది పడుతుంది.

అలాగని లోపలివాళ్లకే ఇవ్వాలనడం కూడా తొందరపాటే. అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ 2019లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని అనేక కంపెనీల అమ్మకాల సిబ్బందిని పరిశీలించారు. బాగా అమ్మేవాళ్లను మేనేజర్లను చేయడం మామూలు. అలా మేనేజర్లయినవాళ్ల కింద పనిచేసినవాళ్ల ఫలితాలు మాత్రం తగ్గాయి. కింది పనిలో దిట్ట కాబట్టి పై పనికి ఇచ్చారు, కానీ పై పని వేరే పని. సిమెంటు కర్మాగారంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గొప్ప కిల్న్ ఆపరేటరు తెర మీద టార్క్ గీత చూసి లోపల కోటింగ్ ఎలా ఉందో చెప్పగలడు. హెచ్‌ఓడీ అయ్యాక కూడా సీసీఆర్ వదలడు. ఆపరేటరు భుజం మీదుగా చెయ్యి చాపి సెట్ పాయింట్ మారుస్తుంటాడు. బడ్జెట్ ఫైలు బల్ల మీదే ఉండిపోతుంది.

అందుకని ముందు తేల్చుకోవలసింది అభ్యర్థి గురించి కాదు, పోస్టు గురించి. వచ్చే రెండేళ్లలో ఆ కుర్చీలో చేయవలసిన పని ఇప్పటిదాకా జరిగినదే అయితే లోపలివాళ్ల బరువు పెరుగుతుంది. కర్మాగారంలో ఇదివరకు ఎవరూ చేయని పని రాబోతుంటే బయటివాళ్ల బరువు పెరుగుతుంది. ఆ రెండేళ్ల పనిని ఒక కాగితం మీద, అభ్యర్థుల పేర్లు ఇంకా ఎవరి నోటా రాకముందే రాసుకోవాలి. పేర్లు వచ్చాక రాస్తే, మనసులో ఉన్న మనిషికి సరిపోయేట్టు ఆ కాగితం తయారవుతుంది.

నియమాలు ముందే తేల్చిన చోట

కొన్ని పోస్టుల్లో ఈ చర్చకు తావే లేదు. సున్నపురాయి గని మేనేజరుగా ఉండాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే మేనేజరు సర్టిఫికెట్ కావాలి. ఫోర్‌మన్ సర్టిఫికెట్‌తో ఇరవై ఏళ్లు గనిని నడిపిన మనిషికి ఆ పరీక్ష పాసు కాకుండా మేనేజరు పోస్టు ఇవ్వడానికి వీల్లేదు. ఇక్కడ యాజమాన్యం తప్పు ఏదైనా ఉందంటే అది ఎంపికలో లేదు. ఐదేళ్ల ముందే ఆయన్ని పరీక్షకు కూర్చోమని చెప్పి, సెలవూ ఫీజూ ఇవ్వకపోవడంలో ఉంది.

సర్కారు కొలువుల్లో కోటా ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బడుల్లో స్కూల్ అసిస్టెంటు పోస్టుల్లో 70 శాతం పదోన్నతితో, 30 శాతం నేరుగా నియామకంతో నింపే పద్ధతి ఉంటూ వచ్చింది. అక్కడ గొడవ కుర్చీ గురించి తక్కువ, సీనియారిటీ జాబితాలో ఎవరు ముందన్న దాని గురించి ఎక్కువ. డైరెక్టు రిక్రూటులు, ప్రమోటీల మధ్య దశాబ్దాలపాటు కోర్టుల్లో నడిచిన కేసులు దాని ఫలితమే. పదోన్నతి హక్కు కాదు, పదోన్నతికి పరిశీలించమని అడగడం హక్కు అన్నది అక్కడ స్థిరపడ్డ సూత్రం. ప్రైవేటు కర్మాగారంలో అలా రాసి ఉండకపోవచ్చు. కానీ మనసు కష్టపెట్టుకున్న ఉద్యోగి అడిగేది సరిగ్గా అదే: నన్ను అసలు చూశారా?

"ఇన్‌చార్జి" కాలం

పై అధికారి రిటైరైన మర్నాడు సాధారణంగా ఒక చిన్న మెయిల్ వస్తుంది. తదుపరి ఆదేశాలు వచ్చేదాకా ఫలానా వారు ఇన్‌చార్జిగా వ్యవహరిస్తారని దాని సారాంశం. ఆ "తదుపరి" ఎప్పుడో అందులో ఉండదు. నా అంచనాలో, తర్వాత వచ్చే గొడవల్లో సగానికి ఈ ఒక్క మెయిలే కారణం.

ఇన్‌చార్జిగా ఉన్న మనిషి రెండు రకాలుగా నష్టపోతాడు. పని మొత్తం ఆయనదే, అధికారం మాత్రం సగమే. పెద్ద కొనుగోలు సంతకం యూనిట్ హెడ్ దగ్గరికే పోతుంది. జీతం పాతదే. ఆరు నెలలు గడిచేసరికి సీసీఆర్‌లో, క్యాంటీన్‌లో, కాలనీలో అందరూ ఆయన్ని హెచ్‌ఓడీగానే లెక్కేస్తారు. హెచ్‌ఓడీకి ఇచ్చే పెద్ద క్వార్టరుకు ఎప్పుడు మారుతున్నారని పక్కింటివాళ్లు ఆయన భార్యను అడుగుతారు. యాజమాన్యం ఒక్క మాట ఇవ్వకుండానే ఆయన చుట్టూ ఒక హామీ పెరిగిపోతుంది.

దీనికి విరుగుడు మొదటి మెయిల్‌లోనే ఉంది. ఇన్‌చార్జి కాలానికి ముగింపు తేదీ రాయాలి, నాలుగు నెలలని అనుకుందాం. ఆ కాలానికి చార్జి అలవెన్సు ఎంతో రాయాలి. పోస్టుకు లోపలివాళ్లనూ బయటివాళ్లనూ కలిపి చూస్తామని, ఇన్‌చార్జిగా ఉండటం ఎంపికలో లెక్కకు వస్తుందో రాదో రాయాలి. వస్తుందంటే ఏ విషయాలను చూస్తారో చెప్పాలి. ఇది ఆయనకు చేదుగానే ఉంటుంది. కానీ తేదీ తెలిసిన చేదును మనిషి భరించగలడు.

ఒక ఉదాహరణ

ఈ కింది ఉదాహరణ ఏ ఒక్క కర్మాగారానిదీ కాదు. విషయం అర్థం కావడానికి కట్టింది.

రోజుకు మూడు వేల టన్నుల క్లింకర్ తీసే ఒక కర్మాగారం. ప్రొడక్షన్ హెచ్‌ఓడీ మార్చిలో రిటైరయ్యారు. డిప్యూటీ మేనేజరు ఇన్‌చార్జి. చుట్టుపక్కల ఊరివాడే. డిప్లొమాతో ఆపరేటరుగా చేరి పదిహేడేళ్లలో ఇక్కడిదాకా వచ్చాడు. ఆయన ఇన్‌చార్జిగా ఉన్న ఎనిమిది నెలల్లో కిల్న్ అనుకోకుండా ఆగింది మూడుసార్లే. అంతకుముందు ఏడాది ఇదే కాలంలో ఏడుసార్లు ఆగింది. ఇది చిన్న సంగతి కాదు. చల్లబడిన కిల్న్‌ను మళ్లీ వేడెక్కించి ఉత్పత్తికి తేవడానికి ఒక రోజు పైనే పడుతుంది. వేడీ చలీ తగిలిన ప్రతిసారీ లోపలి ఇటుకల ఆయుష్షు తగ్గుతుంది.

యూనిట్ హెడ్ రాసుకున్న రెండేళ్ల పని కాగితంలో ఇంకోటి ఉంది. బొగ్గు ఖర్చు తగ్గించడానికి హైదరాబాదు నుంచి వచ్చే మున్సిపల్ చెత్త ఇంధనాన్ని, ఫార్మా వ్యర్థాలను కిల్న్‌లో కాల్చాలని కంపెనీ నిర్ణయించింది. ఆ వ్యర్థాల్లో క్లోరిన్ ఉంటుంది. కిల్న్ లోపల 1,450 డిగ్రీల దగ్గర అది ఆవిరై, పైన చల్లగా ఉన్న ప్రీహీటర్లోకి వెళ్లి గోడలకు అంటుకుంటుంది. మళ్లీ పిండితో కలిసి కిందికొస్తుంది, మళ్లీ పైకి పోతుంది. ఇలా తిరుగుతూ పేరుకుపోయి కిల్న్ ఇన్‌లెట్‌ను, కింది సైక్లోన్లను మూసేస్తుంది. ఎంత వ్యర్థం ఎంత వేగంతో పెంచాలో, వేడి పిండిలో క్లోరిన్‌ను రోజుకు ఎన్నిసార్లు కొలవాలో, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఎలా తెచ్చుకోవాలో ఈ కర్మాగారంలో ఎవరూ చేసి చూడలేదు. బయటి అభ్యర్థి కర్ణాటక సేడం వైపు నాలుగేళ్లు అదే పని చేశాడు. అడిగిన జీతం ఇన్‌చార్జి జీతం కన్నా పావు వంతు పైనే ఎక్కువ.

ఇక్కడ తొందరపడి "అయితే బయటివాడే" అనుకోవడం సులువు. ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. లోపలి మనిషికి లేనిది ఒక ముక్కా, మొత్తం పనా? ముక్క అయితే దాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. ఏడాదికి ఒక సలహాదారును పెట్టుకుని ఇన్‌చార్జికే పోస్టు ఇస్తే, బయటివాడి అదనపు జీతంకన్నా మొదటి ఏడాది ఖర్చు కొంచెం ఎక్కువే అవుతుందనుకుందాం. మూడో ఏడాదికి తక్కువవుతుంది. పైగా ఆయన ఖాళీ చేసిన చోటికి ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి, ఆ చోటికి ఒక ఆపరేటరు ఎక్కుతారు. ఒక పదోన్నతి మూడు మెట్లను కదిలిస్తుంది. ఈ లెక్క వేయకుండా బయటికి వెళ్లే యాజమాన్యాలను చాలాచోట్ల చూస్తాం.

యూనిట్ హెడ్ ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టాడు. గత నెల కిల్న్ లాగ్ షీట్లు, వ్యర్థ ఇంధనం వాడితే రాగల ల్యాబ్ ఫలితాలు కొన్ని ఇచ్చి, మొదటి తొంభై రోజులు ఏం చేస్తారో రాసివ్వమన్నాడు. ఇద్దరినీ అవే ప్రశ్నలు అడిగారు, అదే ముగ్గురు అడిగారు. కిల్న్ నడపడంలో ఇన్‌చార్జి ముందున్నాడు. ఆయన రాసిన కాగితం నిండా తాను చేసే పనులే ఉన్నాయి. ఎవరికి ఏది అప్పగిస్తాడో ఒక్క వాక్యం లేదు. బడ్జెట్ గురించి అడిగితే "అది అకౌంట్స్ వాళ్లు చూస్తారు గద" అన్నాడు. వ్యర్థ ఇంధనం ఒక్కటే తక్కువైతే సలహాదారుతో సరిపోయేది. ఇక్కడ కుర్చీ పనే సగం తక్కువ. యూనిట్ హెడ్ బయటి మనిషిని ఎంచుకున్నాడు. ఈ నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ ఆ సగం గురించి ఎనిమిది నెలల కిందట ఎవరూ ఇన్‌చార్జితో అనలేదు. ఆ బాకీ యాజమాన్యానిదే.

ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి

కాలనీలో రహస్యం నిలవదు. ఇంటర్వ్యూకు వచ్చిన అభ్యర్థి గెస్ట్‌హౌస్‌లో దిగుతాడు. వంటమనిషికి పేరూ ఊరూ తెలుస్తాయి. గేటు రిజిస్టరులో ఎవరిని కలవడానికి వచ్చాడో ఉంటుంది. సాయంత్రానికి క్యాంటీన్‌లో "సేడం నుంచి ఎవరో వచ్చిండంట" అన్న మాట తిరుగుతుంది. కాబట్టి బయటి అభ్యర్థులను పిలిచే ముందే లోపలి అభ్యర్థికి ఆ సంగతి చెప్పి ఉండాలి.

ఫలితం చెప్పే రోజు గురించి ఒక చిక్కు ఉంది. ఎంచుకున్న మనిషి ఒప్పుకోకముందే చెబితే, అతను రానంటే పరిస్థితి ఇబ్బందిగా మారుతుంది. అతను చేరే రోజుదాకా ఆగితే, రెండు మూడు నెలల నోటీసు కాలంలో ఊరంతా ముందే తెలుసుకుంటుంది. మేలైనది, అతను రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజే చెప్పడం. అదీ సర్క్యులర్ వెళ్లకముందు, షిఫ్టు ముగిశాక. రాత్రి షిఫ్టుకు వెళ్లేముందు చెప్పకూడదు. ఆ రాత్రి కిల్న్ ఆయన చేతిలో ఉంటుంది.

చెప్పవలసింది నిర్ణయం తీసుకున్న మనిషి. హెచ్‌ఆర్ వాళ్ల చేత చెప్పించడం మామూలైపోయింది. కానీ "ఎందుకు" అన్న ప్రశ్నకు హెచ్‌ఆర్ దగ్గర జవాబుండదు. జె.ఆర్. కెల్లర్, కాథరిన్ డ్లూగోస్ ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో ఐదేళ్లపాటు లోపలి పోస్టులకు దరఖాస్తు చేసి కాదనిపించుకున్న తొమ్మిది వేలకు పైగా సందర్భాలను పరిశీలించారు. 2021లో వెలువడిన ఆ పరిశోధనలో, అలా కాదనిపించుకున్నవాళ్లు కంపెనీ విడిచే అవకాశం దాదాపు రెండింతలని తేలింది. అయితే నియామకం చేసే మేనేజరు స్వయంగా ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఆ అవకాశం, ముందే పక్కన పెట్టేసినవాళ్లతో పోలిస్తే సగానికి తగ్గింది. బయటివారి చేతిలో ఓడినవారికన్నా లోపలి సహోద్యోగి చేతిలో ఓడినవారు ఎక్కువగా నిలిచారు. రచయితలు దీనికి చెప్పే కారణం ఆలోచించదగ్గది. కాదనిపించుకున్న మనిషి ఆ ఫలితాన్ని జరిగినదానికి తీర్పుగా తక్కువ, ముందుముందు ఏం జరుగుతుందన్నదానికి సూచనగా ఎక్కువ చూస్తాడు. బయటివాడొచ్చాడంటే ఇక్కడ మనలాంటివాళ్లకు పైకి దారి లేదని అర్థం చేసుకుంటాడు.

ఆ గదిలో

తలుపు వేసి, కూర్చున్నాక, మొదటి వాక్యంలోనే ఫలితం చెప్పాలి. "ఎలా ఉన్నారు, పిల్లల చదువులెలా ఉన్నాయి" అంటూ పది నిమిషాలు గడిపితే అంతసేపూ ఆయన ముఖంలో ఆశ పెరుగుతూ ఉంటుంది. పై ఉదాహరణలోని గదిలో మాటలు ఇలా సాగవచ్చు.

"ప్రొడక్షన్ హెడ్ పోస్టుకు బయటి అభ్యర్థిని తీసుకుంటున్నాం. నిర్ణయం నాది. ఈ మాట మీరు నా దగ్గరే ముందు వినాలని పిలిపించాను."

కాసేపు మాట ఉండదు. ఆ ఖాళీని నింపాలనిపిస్తుంది. నింపకూడదు.

"ఎనిమిది నెలల సంది నేనే నడిపిస్తున్న గద సార్. అప్పుడు పనికొచ్చినోణ్ని ఇప్పుడెందుకు పనికిరాలే?"

"కిల్న్ నడపడానికి మీరు పనికిరారని ఎవరూ అనలేదు. మూడుసార్లే ఆగిందంటే అది మీ పనే. ఈ పోస్టుకు రెండు విషయాలు చూశాను. వ్యర్థ ఇంధనం అనుభవం ఒకటి, పని పంచి బడ్జెట్ నడపడం రెండోది. రెండోదాంట్లో మీరిచ్చిన కాగితం బలంగా లేదు. మార్చిలోనే మీకీ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం నా తప్పు."

"మార్చిల చెప్తే నేర్చుకునేటోణ్ని సార్."

ఈ మాటకు జవాబు లేదు. ఉన్నట్టు నటించకూడదు. "అవును" అంటే చాలు.

ఈ సంభాషణలో యూనిట్ హెడ్ చేయనివి గమనించండి. వచ్చిన మనిషి ఎంత గొప్పవాడో వర్ణించలేదు. "పైనుంచి ఒత్తిడి వచ్చింది" అని తప్పించుకోలేదు. అలా అంటే ఈ గదిలో మాట్లాడటం దండగ అని ఆయన అర్థం చేసుకుంటాడు. మళ్లీ ఖాళీ వస్తే మీదే అని మాట ఇవ్వలేదు. కొత్తాయనకు పని నేర్పించమని ఆ రోజే అడగలేదు. ఈ చివరి పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇంత బాధలో ఉన్న మనిషిని, నీ కుర్చీలో కూర్చోబోయేవాడికి నువ్వే ఓనమాలు దిద్దించు అనడం చెంపదెబ్బలాంటిది.

ఇక్కడ ఇంకో పొర ఉంది. "లోకల్, నాన్ లోకల్" అన్న మాటకు తెలంగాణలో చాలా బరువుంది. ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ బరువు వెనక ఉన్నాయి. కర్మాగారానికి భూమి ఇచ్చిన కుటుంబాల నుంచి ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి సేడం నుంచి మనిషి వచ్చాడంటే అది ఊరివాణ్ని కాదన్నట్టుగా చదువుకుంటారు. దీన్ని వాదనతో ఎదుర్కోలేం. రాసిన కాగితం, ఇద్దరికీ ఒకే పరీక్ష, ముందే చెప్పిన కారణం ఉంటే ఆ చదువు కొంత తగ్గుతుంది.

రెండో సమావేశం

మొదటి రోజు ఏ ప్రణాళికా చెప్పకూడదు, చెప్పినా వినబడదు. వారం పది రోజులయ్యాక మళ్లీ కూర్చోవాలి. అప్పుడు మాట్లాడేది లెక్కలే. ఇన్‌చార్జి కాలానికి అలవెన్సు ఇవ్వకపోతే వెనక తేదీ నుంచి ఇవ్వాలి. ఎనిమిది నెలల పనిని పేర్కొంటూ సంతకంతో ఒక లేఖ ఇవ్వాలి. ఆయన వేరేచోట దరఖాస్తు చేసుకున్నా ఉపయోగపడేట్టు అది ఉండాలి. వచ్చే బడ్జెట్‌లో కిల్న్ ఇటుకల కొనుగోలులాంటి ఒక ముక్కను పూర్తి అధికారంతో ఆయనకు అప్పగించాలి. సంతకం ఆయనదే ఉండాలి. కొత్త హోదా మాత్రం ఊరికే తగిలించకూడదు. పని మారకుండా "సీనియర్" అని చేరిస్తే దాని విలువ సీసీఆర్‌లో అందరికీ తెలుసు.

అయినా వెళ్లిపోవచ్చు. పై మెట్టులో పోటీపడి ఓడినవాళ్లు వెళ్లడం ఎంత పెద్ద సంస్థలోనైనా జరిగేదే. 2013 ఆగస్టులో స్టీవ్ బామర్ దిగిపోతానని ప్రకటించాక మైక్రోసాఫ్ట్ బోర్డు బయటివాళ్లనూ చూసింది, ఫోర్డ్ అధిపతి అలన్ ములాలీ పేరు నెలల తరబడి నలిగింది. చివరికి 2014 ఫిబ్రవరి 4న, 1992 నుంచి అక్కడే ఉన్న హైదరాబాదీ సత్య నాదెళ్లను ఎంచుకున్నారు. లోపలి పోటీదారుల్లో ఒకరిగా పేరు వినిపించిన టోనీ బేట్స్ నెల తిరగకుండానే నిష్క్రమించాడు. లోపలివాడికే ఇచ్చినా ఇంకో లోపలివాడు మిగులుతాడు. మేళ్లచెరువు దగ్గర వెళ్లడం ఇంకా తేలిక. పక్క కంపెనీకి మారితే ఊరు మారనక్కర్లేదు, పిల్లల బడి మారనక్కర్లేదు. మోటారు సైకిల్ ఎడమకు బదులు కుడికి తిప్పితే చాలు. నిజంగా ఆయన్ని నిలుపుకోవాలనుకునే యాజమాన్యానికి మొదటి తొంభై రోజులే గడువు.

గమనించడానికి గుర్తులున్నాయి. కోపంగా మాట్లాడే మనిషి గురించి అంత భయం అక్కర్లేదు. ఇంతకుముందు పిలవకపోయినా సైక్లోన్ జామ్ అయిన రాత్రి వచ్చి నిలబడ్డవాడు ఇప్పుడు షిఫ్టు గంట కొట్టగానే వెళ్లిపోతున్నాడా, లాగ్ బుక్‌లో అంకెలు తప్ప మాట రాయడం మానేశాడా, మిగిలిన సెలవులన్నీ ఒక్కసారి లెక్క అడిగాడా అని చూడాలి. ఇవి కనిపిస్తే మూడో సమావేశం కోసం ఆగకూడదు.

ఎంచుకున్నవాడు రాకపోతే

నోటీసు కాలంలో పాత కంపెనీ జీతం పెంచితే ఒప్పుకున్న మనిషి వెనక్కి తగ్గడం అరుదు కాదు. అప్పుడు యూనిట్ హెడ్ మళ్లీ ఆ డిప్యూటీ మేనేజరు ముందు కూర్చోవలసి వస్తుంది. ఏమీ జరగనట్టు పోస్టు చేతిలో పెడితే ఆయన తీసుకుంటాడు, కానీ ఎందుకొచ్చిందో ఇద్దరికీ తెలుసు. మొదటి గదిలో చెప్పిన కారణం నిజమైనదైతే ఇప్పుడు మాట్లాడటానికి ఒక దారి ఉంటుంది. వ్యర్థ ఇంధనానికి ఏడాదికి సలహాదారును పెడతాం, బడ్జెట్‌లో అకౌంట్స్ నుంచి ఒకరు ఆరు నెలలు మీతో కూర్చుంటారు, ఈ షరతులతో పోస్టు మీది, ఒప్పుకోవడానికి వారం తీసుకోండి అనవచ్చు. మొదటి గదిలో చెప్పింది సాకు అయితే ఆ సాకు ఇప్పుడు బల్ల మీద ఇద్దరి మధ్యా ఉంటుంది. ఆయన వారం కూడా అడగడు. జీతం ఎంతని అడుగుతాడు, సేడం మనిషికి ఇస్తానన్నదెంతో ఆయనకు అప్పటికే తెలుసు.